గాదెకి పిల్లి కాపలా ఉండగా ఎలుకల మందు పెట్టవచ్చా?

ప్రశ్న: సార్, మా నాయనమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ధాన్యం గాదె ఉన్న గదికి ఎప్పట్నుంచో ఒక పిల్లే కాపలా. ఈ ఏడు మాత్రం పిల్లి ఉన్నా ఎలుకలు, పందికొక్కులు బాగా పెరిగిపోయాయి. మందు కేకులు పెడదామంటే ‘పిల్లి చస్తుందిరా’ అని నాయనమ్మ ఒప్పుకోవడం లేదు. పిల్లి ముసలిదైపోయి వేట మానేసిందా? మందు పెట్టవచ్చా?

జవాబు: పెట్టకండి. ఈ విషయంలో మీ నాయనమ్మ గారి మాటే సరైనది. ఎందుకు వద్దంటున్నానో, మందు లేకుండా ఏం చేయాలో తెలియాలంటే నాకు తెలిసిన ఇంకో పెద్దావిడ ఇంట్లో జరిగింది వినండి.

ఆవిడదీ ఇంచుమించు మీ నాయనమ్మ గారి లాంటి ఇల్లే. వెనక గదిలో గాదె, గది తలుపు కింద పిల్లి పట్టేంత కంత. బూడిద రంగు పిల్లి, నుదుట తెల్ల మచ్చ ఉందని ‘చుక్కి’ అని పిలిచేది. రోజూ పొద్దున్నే గాదె చుట్టూ ఊడ్చేటప్పుడు చెత్తలో ఎలుక పెంటికలు ఉన్నాయా అని వంగి చూడటం ఆవిడకి అలవాటు. చాలా ఏళ్లు ఒక్కటీ కనబడలేదు. ఒక వానాకాలం వెనక గోడ అడుగున మట్టి నాని గుల్లబారింది, అక్కడ పందికొక్కులు బొరియ తవ్వాయి. అదే రోజుల్లో ఎవరో పాత బస్తాలు, కర్రలు తెచ్చి గాదెకి ఆనించి పెట్టారు, వాటి మీదుగా ఇంటి ఎలుకలు పైకెక్కి మూత సందులోంచి లోపలికి దూరాయి. చుక్కి రోజుకొకటో రెండో పట్టి గడప ముందు పెడుతూనే ఉంది, గాదె కింద పెంటికలు మాత్రం రోజురోజుకీ ఎక్కువవుతున్నాయి. ‘దీనికి వయసైపోయింది కాబోలు, పాపం’ అని ఆవిడ కూడా మీలాగే అనుకుంది.

వయసు కాదండీ కారణం. పిల్లి ఎక్కువగా పట్టేది చిట్టెలుకల్ని, ఇంకా ఎదగని ఎలుక పిల్లల్ని. బాగా ఎదిగిన పందికొక్కు ఎదురు తిరిగి కరుస్తుంది, దాని జోలికి చాలా పిల్లులు పోవు. పైగా ఎలుక చూలు మూడు వారాలే, ఈతకి ఆరేడు పిల్లలు. పెద్దవి బొరియలో క్షేమంగా ఉండి ఈనుతూ ఉంటే పిల్లి ఎన్ని పిల్లల్ని తిన్నా లెక్క తగ్గదు. ఇంగ్లండ్‌లో ఛార్లెస్ ఎల్టన్ అనే జీవావరణ శాస్త్రవేత్త రైతుల ఇళ్ల దగ్గర పిల్లుల్ని గమనించి 1953లో ఇదే రాశాడు: అప్పటికే ఎలుకలు పాతుకుపోయిన చోట పిల్లులు వాటిని ఖాళీ చేయలేవు, కానీ మనుషులు ఒకసారి ఖాళీ చేసి ఇస్తే బయటి నుంచి కొత్తవి వచ్చి చేరకుండా ఆపగలవు. అంటే కాపలా వరకే పిల్లి పని, లోపల ఉన్నవాటిని వెళ్లగొట్టే పని మనది. మీ ఇంట్లోనూ పిల్లి పని మానేసి ఉండదు, దానికి మించిన పని దాని మీద పడి ఉంటుంది.

ఆ పెద్దావిడ మందు పెట్టలేదు, కానీ పక్కింటివాళ్లు పెట్టారు. బజార్లో దొరికే బ్రోమాడియోలోన్ కేకులు. ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి, ఆ విటమిన్‌ని మళ్లీ మళ్లీ వాడుకునే శక్తిని ఈ మందు కాలేయంలో అడ్డుకుంటుంది. ఒంట్లో ఉన్న నిల్వ అయిపోయే దాకా ఎలుక తిరుగుతూనే ఉంటుంది, నాలుగైదు రోజులకో వారానికో లోపల రక్తం కారి చస్తుంది. చివరి రోజుల్లో మందకొడిగా, పట్టపగలే బయటికి వచ్చి తడబడుతూ నడుస్తుంది. పిల్లికి అంతకంటే సులువైన వేట దొరకదు. అలాంటి ఒక్క ఎలుకని తిన్నంత మాత్రాన ప్రమాదం రాకపోవచ్చు, కానీ వరసగా తింటూ పోతే మందు పిల్లి కాలేయంలో పేరుకుంటుంది, త్వరగా పోదు.

ఒకరోజు చుక్కి పాలు ముట్టలేదు. మర్నాడు గాదె ఎక్కలేకపోయింది, కింద చల్లగా ఉన్న చోట ముడుచుకుని వేగంగా ఊపిరి తీస్తోంది. ఆవిడ దాని పెదవి ఎత్తి చూసింది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. ఈ ఒక్క గుర్తు మీరూ పట్టుకోండి. ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం, కీళ్ల దగ్గర వాపు కూడా రావచ్చు, కానీ రక్తం ఊపిరితిత్తుల చుట్టూనో కడుపులోనో చేరితే బయటికి ఏమీ కనబడదు, చిగుళ్లు మాత్రం దాచలేవు.

అదృష్టం కొద్దీ ఆవిడ పక్కింట్లో మందు కేకు ఖాళీ కవర్ అడిగి తీసుకుని పిల్లితో పాటు పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఏ మందో తెలిస్తే డాక్టర్ ఊహించుకుంటూ కూర్చోవాల్సిన పని ఉండదు. విరుగుడు విటమిన్ కె1. కె3 అని కూడా ఒకటి ఉంది, ఈ విషానికి అది పనిచేయదు, అందుకే షాపులో సొంతంగా కొనకండి. చుక్కి రెండు మూడు రోజుల్లోనే లేచి తిరగసాగింది, చాలామంది మాత్రలు మానేసేది సరిగ్గా ఇక్కడే. కాలేయంలో ఎలుకల మందు ఇంకా ఉంటుంది కాబట్టి ఈ రకం విషానికి విటమిన్ కె1 మాత్రలు మూడు నాలుగు వారాలు వాడాలి, ఆఖరి మాత్ర వేసిన రెండు మూడు రోజుల తర్వాత రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో పరీక్ష చేయించాలి. ఆవిడ చివరి దాకా వేసింది, పిల్లి బతికింది.

పక్కింటివాళ్లు పెట్టింది జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు అయితే కథ వేరుగా ఉండేది. ఆ నల్ల పొడికి విరుగుడే లేదు, గంటల్లో ప్రాణం పోతుంది. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలైతే మనుషులుండే ఇంట్లో గాదెలో గానీ గోడ కింది బొరియలో గానీ అసలు పెట్టకూడదు, వాటి నుంచి వచ్చే విష గ్యాస్ పగుళ్లలోంచి గదుల్లోకి వచ్చి నిద్రలోనే మనుషుల్ని చంపిన సంఘటనలు ఉన్నాయి. మీ నాయనమ్మ గారు ఒంటరిగా ఉంటారన్నారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

ఇక ఆ గదిని ఎలా ఖాళీ చేశారంటే, ముందు ఎలుకలు ఏ దారిన వస్తున్నాయో తెలుసుకున్నారు. ఈ పనికి పిల్లే సాయం. చుక్కి కోలుకున్నాక రోజూ సాయంత్రం గాదె ఎడమ మూల వైపు తిరిగి గంటల తరబడి కదలకుండా కూర్చునేది. పిల్లి ఎటు చూస్తూ కూర్చుంటుందో అక్కడ తప్పకుండా వెతకండి. ఆ మూలలో రాత్రి సన్నటి బూడిద పలచగా చల్లితే పొద్దుటికి అడుగుల ముద్రలు, తోక ఈడ్చిన గీత పడ్డాయి. గోడ వెనక బొరియలన్నిటినీ సాయంత్రం మట్టితో మూశారు, తెల్లారేసరికి కొన్ని మళ్లీ తెరుచుకున్నాయి. తెరుచుకున్నవాటిలోనే పందికొక్కులు ఉన్నట్టు, మిగతావి పాతవి. పని సగం తగ్గినట్టే కదా.

తర్వాత బోన్లు. పిల్లి తిరిగే గదిలో ఇనుప పట్టు బోను పెడితే పిల్లి కాలు విరుగుతుంది, అందుకని తలుపు పడే పంజరం బోన్లే వాడారు. ఎలుక కొత్త వస్తువుని అనుమానంగా చూస్తుంది, రెండు మూడు రోజులు దగ్గరికి రాదు. అందుకే మొదటి మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, నూనె కలిపిన గింజలు లోపల పెట్టి తిననిచ్చారు. నాలుగో రాత్రి కట్టు విప్పారు. గోడ పక్కనే, నోరు ఎలుక దారికి ఎదురుగా ఉండాలి, గది మధ్యలో పెడితే లాభం లేదు. ఒకేసారి ఎక్కువ బోన్లు పెట్టడం మేలు, ఒక్కటే పెట్టి రోజుకొకటి పడుతుంటే మిగిలినవి జాగ్రత్త నేర్చేస్తాయి. చేతికి తొడుగు లేకుండా పట్టుకోవద్దు, ఎలుక మూత్రంతో జ్వరాలు వస్తాయి.

పెంటికలు కనబడటం ఆగాకే మరమ్మతు మొదలుపెట్టారు. ముందే కన్నాలు మూసేస్తే ఎలుకలు లోపల చిక్కుకుపోయి కొత్త దారులు కొరుకుతాయి. గోడ అడుగు తవ్వి రాళ్లు, సిమెంటు వేశారు. గాదెని సుమారు మీటరు ఎత్తు కాళ్ల మీదికి ఎత్తి, ఒక్కో కాలికి రేకుని గరాటులా బోర్లించి బిగించారు, ఎలుక కాలు పట్టుకుని ఎక్కితే ఆ రేకు కింద ఆగిపోతుంది. గోడకి, గాదెకి మధ్య మనిషి నడిచేంత జాగా వదిలారు, దేన్నీ ఆనించలేదు. పెన్సిల్ దూరేంత సందు చిట్టెలుకకి చాలు, కాబట్టి మూత చుట్టూ సన్నకంటి ఇనుప జాలి కొట్టారు. ఈ మూత పిల్లి కోసం కూడా అవసరం. తెరిచి ఉంటే పిల్లి ధాన్యంలోనే మట్టిలో గోకినట్టు గోకి దొడ్డికి పోతుంది, దాని మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండవచ్చు, గర్భిణులకి అది ప్రమాదం. గది బయట ఒక తొట్టిలో ఇసుక పెడితే పిల్లి అక్కడికే పోతుంది.

ఒక మాట ఆవిడని ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. ‘తిండి పెడితే వేటాడదు’ అని చుక్కిని సగం కడుపుతో ఉంచేది. అది తప్పు. వేట పిల్లి స్వభావం, కడుపు నిండినా వేటాడుతుంది. ఆకలిగా ఉన్న పిల్లి ఊరంతా తిరుగుతుంది, పక్కింటి మందు తిన్న ఎలుకని పట్టేదీ అప్పుడే. ఎల్టన్ చూసిన పిల్లుల్లో కూడా ఇంటి దగ్గర పాలు పోసినవే అక్కడ నిలిచాయి. అయితే పాలు, మెతుకులు మాత్రమే చాలవు, టారిన్ అనే పోషకం మాంసం, చేపల్లోనే దొరుకుతుంది, అది లేకపోతే పిల్లికి చూపు, గుండె దెబ్బతింటాయి. ఎలుకలు తగ్గాక ఆ లోటు మనమే తీర్చాలి.

మీరు ఈ వారంలో చేయాల్సింది ముందు చుట్టుపక్కల ఇళ్లలో ఎవరైనా మందు పెట్టారేమో అడగడం. పెట్టి ఉంటే రెండు మూడు వారాలు పిల్లిని ఇంట్లోనే ఉంచండి, చచ్చిన ఎలుక ఎక్కడ కనబడినా తీసి లోతుగా పాతిపెట్టండి, నాయనమ్మ గారిని రోజుకోసారి దాని చిగుళ్లు చూడమనండి. తెల్లబడితే తెల్లారేదాకా ఆగొద్దు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు, పిల్లికి అదే విషం.