చరిత్ర వ్యాస ప్రశ్నకు రూబ్రిక్ ఎలా తయారు చేయాలి?

ప్రశ్న: పదో తరగతి చరిత్రలో 8 మార్కుల వ్యాసానికి రూబ్రిక్ ఎలా రాయాలి? ఎన్ని పాయింట్లు రాస్తే అన్ని మార్కులు వేయాలా?

వద్దు. ఆధారాలకు 3, కారణాల వివరణకు 3, సొంత నిర్ణయానికి 2 అని విడగొట్టి, ఒక్కో మార్కుకు పేపర్లో ఏం కనిపించాలో ముందే రాసుకోండి. పాయింట్లు లెక్కపెడితే బట్టీ పట్టినవాడికీ, ఆలోచించి రాసినవాడికీ ఒకే మార్కు పడుతుంది.

'హిట్లర్ అధికారంలోకి రావడానికి వర్సయిల్స్ ఒప్పందం ఎంతవరకు కారణం?' అన్న ప్రశ్న తీసుకోండి. వివరణలో కారణాలు పేర్కొంటే 1. ఒక కారణం ఫలితానికి ఎలా దారితీసిందో చెబితే 2, అంటే '1929 మాంద్యంతో ఉద్యోగాలు పోయాయి, అందుకే జనం నాజీల వైపు మొగ్గారు' లాంటి వాక్యం ఉండాలి. ఒప్పందం మీది కోపాన్ని మాంద్యం ఎలా రగిల్చిందో, అంటే రెండు కారణాలను కలిపి చూపిస్తే 3. 'బాగా వివరించాడు' అని మాత్రం రాయకండి, ఆ మాటకు ఇద్దరు టీచర్లు వేర్వేరు మార్కులు వేస్తారు.

విద్యార్థి ఒప్పందం 1921లో జరిగిందని రాశాడనుకోండి. అది 1919. కాబట్టి ఆధారాల్లో తగ్గించండి. కారణాల వరుస సరిగా ఉంటే వివరణలో మళ్లీ కోయకూడదు.

అంశాలు ఎక్కువైతే రూబ్రిక్ కచ్చితంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎనిమిది మార్కులకు ఏడెనిమిది అంశాలు పెడితే ఒకే తప్పుకు రెండుచోట్ల మార్కులు పోతాయి. ఐదారు పేపర్లు ఇద్దరు విడివిడిగా దిద్ది చూడండి. ఎక్కడ తేడా వస్తే ఆ వాక్యాన్ని తిరగరాయాలి.