ఒకే పెద్ద నోట్స్ ఫైల్‌ని చిన్న నోట్స్‌గా ఎలా విడగొట్టాలి?

ప్రశ్న: గ్రూప్స్ కోసం పాలిటీ నోట్స్ అంతా అబ్సిడియన్‌లో ఒకే ఫైల్‌లో ఉంది, వెతకలేకపోతున్నా. కాపీ పేస్ట్ చేయకుండా చిన్న నోట్స్‌గా ఎలా చేయాలి?

ముందు ఫైల్‌కి ఒక బ్యాకప్ తీసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో కోర్ ప్లగిన్స్ కింద Note composer ఆన్ చేసుకుని, ఒక భాగాన్ని సెలెక్ట్ చేసి కమాండ్ పాలెట్‌లో Extract current selection అని కొడితే ఆ భాగం కొత్త నోట్‌లోకి పోయి పాతచోట దాని లింక్ మిగులుతుంది. అలా మీ పాత ఫైలే చివరికి విషయసూచిక అయిపోతుంది, దాన్ని డిలీట్ చేయకండి.

అసలు పని టైటిల్ దగ్గరే. "ముఖ్యమైనవి 3" లాంటి పేరు పెడితే రేపు మీకే అర్థం కాదు. ఉదాహరణకి ఆర్డినెన్సుల భాగాన్ని "ఆర్డినెన్స్" అనే నోట్‌గా తీసి, అందులో ఇలా రాయండి:

```
#polity
[[రాష్ట్రపతి]]కి ఆర్టికల్ 123, [[గవర్నర్|గవర్నరుకి]] 213.
సభ తిరిగి సమావేశమైన 6 వారాలకు రద్దు.
```

విభక్తి వల్ల మాట రూపం మారినప్పుడు నిలువు గీత తర్వాత ఆ రూపం రాయాలి, లేకపోతే ఆ లింక్ నొక్కినప్పుడు "గవర్నరుకి" అనే ఖాళీ నోట్ ఇంకోటి పుడుతుంది (తెలుగులో అందరికీ వచ్చే తలనొప్పి ఇదే).

ఇప్పుడు "గవర్నర్" నోట్ తెరిచి Backlinks చూస్తే ఆర్డినెన్స్ నోట్ దానంతటదే కనిపిస్తుంది, మీరు ఏమీ రాయక్కర్లేదు. కనిపించలేదంటే లింక్‌లో స్పెల్లింగ్ తేడా ఉన్నట్టే. ట్యాగ్‌లు మాత్రం సబ్జెక్టుకి ఒకటి, రివిజన్‌కి ఒకటి చాలు.