428 పదాల వ్యాసం 300లోకి రావాలంటే...

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. జర్నలిజం కోర్సుకు దరఖాస్తు చేస్తున్నా. దరఖాస్తుతో పాటు "మా ఊరి నీటి కథ" అనే అంశంపై తెలుగులో 300 పదాలు మించకుండా వ్యాసం టైప్ చేసి పంపమన్నారు. మించితే అసలు చూడరట. నాది 428 పదాలు వచ్చింది. ఏది తీసేద్దామన్నా అర్థం పోతోంది, వాక్యాలు అతుకుల బొంతలా అవుతున్నాయి. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఎలా తగ్గించాలి? వ్యాసం కూడా పంపుతున్నాను.

జవాబు: మీ వ్యాసం చదివాను. అందులో సరుకు ఎక్కువేమీ లేదు, మాటలే ఎక్కువ ఉన్నాయి. కాబట్టి చెప్పదలచుకున్న విషయం ఒక్కటి కూడా వదులుకోకుండానే 128 పదాలు తగ్గించవచ్చు. అయితే మీరు చివరి నుంచి ఒక్కో పదం గీకుతూ వచ్చారు. అలా చేస్తే వాక్యాలు అతుకుల బొంత కాక ఏమవుతాయి?

ముందు పెద్ద ముక్క చూడండి. మొదటి పేరా మొత్తం నీరు ప్రాణాధారమని, నీరు లేకపోతే జీవకోటే లేదని ఉంది. అందులో మీ ఊరు లేదు, మీరూ లేరు. ఏ ఊరి పిల్లల వ్యాసానికైనా అది అతుకుతుంది. 46 పదాలున్న ఆ పేరాను తీసేస్తే 382 మిగులుతాయి. ఇంత సులువుగా పోయే ముక్క వ్యాసంలో మరెక్కడా లేదు. ఇక మీదట పేరా పేరాకు కూర్చోవాల్సిందే. మీ రెండో పేరా ఇది:

"మా గ్రామంలో ఉన్నటువంటి పెద్ద చెరువు అనేది చాలా పురాతనమైన చెరువు అని మా ఊరి పెద్దలు చెబుతూ ఉంటారు. 2015వ సంవత్సరంలో మిషన్ కాకతీయ పథకం ప్రారంభించడం జరిగింది. ఆ పథకంలో భాగంగా మా చెరువులో పేరుకుపోయినటువంటి పూడిక మట్టిని తీయడం జరిగింది. ఆ పూడిక మట్టిని కొందరు రైతులు తమ యొక్క పొలాలకు తోలుకోవడం జరిగింది. దీని వలన వారికి ఎరువుల ఖర్చు మరియు నీటి కొరత కొంతవరకు తగ్గింది అని మా నాన్న గారు నాతో చెప్పడం జరిగింది."

మొత్తం 59 పదాలు. "జరిగింది" ఇందులో నాలుగుసార్లు వచ్చింది. ఆఫీసు ప్రకటనల నుంచి మన రాతలోకి దూరిన అలవాటిది. "తీయడం జరిగింది" అంటే రెండు పదాలు, "తీశారు" అంటే ఒకటే. ఎవరు తీశారో చెప్పకుండా రాయాలనే చాలామంది "జరిగింది" వాడతారు. తెలుగులో ఆ అవసరం లేదు, కర్త లేకుండా "పూడిక తీశారు" అన్నా వాక్యం చక్కగా నిలబడుతుంది. "ఉన్నటువంటి", "అనేది", "యొక్క" కూడా ఇదే బాపతు. "గ్రామంలో ఉన్నటువంటి చెరువు" అన్నా "ఊరి చెరువు" అన్నా ఒకటే. "మరియు" బదులు రెండు మాటల చివరా దీర్ఘం ఇస్తే సరిపోతుంది: ఖర్చూ, కొరతా. ఈ ఊకంతా తీసి, వాక్యాల వరుస మాత్రం మార్చకుండా రాస్తే ఇలా వస్తుంది:

"మా ఊరి పెద్ద చెరువు చాలా పాతదని పెద్దలు చెబుతారు. 2015లో మిషన్ కాకతీయ పథకం ప్రారంభమైంది. దానిలో భాగంగా మా చెరువులో పూడిక తీశారు. ఆ మట్టిని కొందరు రైతులు తమ పొలాలకు తోలుకున్నారు. దీనివల్ల వారికి ఎరువుల ఖర్చూ నీటి కొరతా కొంతవరకు తగ్గాయని మా నాన్న చెప్పారు."

37 పదాలు. 22 తగ్గాయి, విషయం ఒక్కటీ పోలేదు. పైగా మీ మొదటి ప్రతిలో ఒక తప్పుంది, గమనించారా? ఖర్చు, కొరత అని రెండు చెప్పి "తగ్గింది" అని ఏకవచనం వాడారు. వాక్యం పొట్టిదయ్యేసరికి ఆ తప్పు బయటపడి "తగ్గాయి" అయింది. పొడుగు వాక్యాల్లో ఇలాంటివి చాలా దాక్కుంటాయి.

ఇప్పుడు మీ వ్యాసం 360 దగ్గర ఉంది. మిగతా పేరాల్లో ఇంకో 60 తగ్గాలి. వాటిలోనూ "జరిగింది", "యొక్క" బోలెడున్నాయి కాబట్టి ఈ మొదటి విడతతోనే పని అయిపోతుందని నా అంచనా. అప్పటికీ కొన్ని పదాలు మిగిలితేనే రెండో విడతకు, అంటే రెండు వాక్యాలను ఒకటిగా కలపడానికి వెళ్ళండి. అర్థం చెడేదీ, వ్యాకరణం చెడేదీ ఎక్కువగా అక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పథకం గురించిన వాక్యాన్నీ పూడిక గురించిన వాక్యాన్నీ కలపాలనుకోండి. తొందరలో చాలామంది "2015లో మిషన్ కాకతీయ కింద మా చెరువులో పూడిక తీశారు" అని రాస్తారు. చదవడానికి బాగుంది కానీ అర్థం మారిపోయింది. 2015లో మొదలైంది పథకం. పనులు చాలా ఏళ్ళపాటు విడతలవారీగా సాగాయి. మీ చెరువులో పూడిక ఆ ఏడాదే తీశారని మీరు ఎక్కడా చెప్పలేదు. "2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువులో పూడిక తీశారు" అంటే ఎనిమిది పదాలతో అర్థం చెడకుండా వస్తుంది. "మొదలైన" అన్న ఒక్క పదమే ఇక్కడ కీలకం, అది పోతే తేదీ వేరే పనికి అతుక్కుంటుంది.

ఇక రైతుల వాక్యాలు. వీటిని కలపబోతే రెండు గుంటలున్నాయి. మొదటిది: "కొందరు రైతులు ఆ మట్టిని తోలుకుని ఎరువుల ఖర్చు తగ్గింది." తోలుకున్నది రైతులు, తగ్గింది ఖర్చు. "తోలుకుని", "చేసి", "వెళ్ళి" లాంటి అసమాపక క్రియ వాడితే, ఆ పని చేసినవారే వాక్యం చివరి పని కూడా చేయాలి. అలా లేనప్పుడు "తోలుకోవడంతో" అనాలి, లేదా చివరి క్రియను రైతులకు అప్పగించి "తగ్గించుకున్నారు" అనాలి. రెండో గుంట వ్యాకరణానికి దొరకదు: "మట్టిని తోలుకున్న కొందరు రైతులకు ఖర్చు తగ్గింది." ఇది తప్పు వాక్యం కాదు. కానీ తోలుకున్నవాళ్ళలో కొందరికే తగ్గిందనీ, మిగతావారికి తగ్గలేదనీ వినిపిస్తోంది. మీరన్నది అది కాదు. "కొందరు" తన చోటు నుంచి కదలడమే ఇంత మార్పుకు కారణం. "కొందరు", "కొంతవరకు", "దాదాపు", "మాత్రమే", "కూడా" లాంటి చిన్న మాటలు చూడగానే తీసేయాలనిపిస్తుంది. వాటిని తీయకండి, కదపకండి. "కొందరు" పోతే ఊరి రైతులందరూ అని అర్థం. "కొంతవరకు" పోతే సమస్య తీరిపోయిందని అర్థం.

రెండు విడతలూ అయ్యాక ఆ పేరా ఇలా ఉంటుంది:

"మా ఊరి పెద్ద చెరువు చాలా పాతదని పెద్దలు చెబుతారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువులో పూడిక తీశారు. కొందరు రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకుని ఎరువుల ఖర్చూ నీటి కొరతా కొంతవరకు తగ్గించుకున్నారని నాన్న చెప్పారు."

30 పదాలు, అంటే మొదటిదాంట్లో సగం. అయినా "పెద్దలు చెబుతారు", "నాన్న చెప్పారు" అన్నవి ఉంచాను చూడండి. తీసేస్తే ఇంకో నాలుగు పదాలు తగ్గేవి. కానీ అప్పుడు చెరువు పాతదన్నదీ, ఖర్చు తగ్గిందన్నదీ మీరే తేల్చి చెప్పినట్టవుతుంది. మీరు దరఖాస్తు చేస్తున్నది జర్నలిజానికి. ఎవరు చెప్పారన్నది తీసేసిన వాక్యాన్ని అక్కడివాళ్ళు వెంటనే పట్టుకుంటారు. ఇంకొకటి, పై చివరి వాక్యంలో మట్టి తోలుకున్న సంగతి కూడా నాన్న చెప్పినదే అయిపోయింది. అది మీరు కళ్ళారా చూసి ఉంటే, మొదటి విడతలోలాగా రెండు వాక్యాలుగానే ఉంచేయండి.

సర్వనామాలు, కర్తలు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. "నేను చూశాను"లో "నేను" లేకపోయినా నష్టం లేదు, క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది. ప్రథమ పురుష ఏకవచనంలో మాత్రం ఆడవాళ్ళకూ వస్తువులకూ ఒకే క్రియారూపం. మీ నాలుగో పేరాలో "అమ్మమ్మ గట్టు మీద కూరగాయలు అమ్మేది. చెరువు ఒకసారి పూర్తిగా ఎండిపోయింది" అని ఉంది. అక్కడ "చెరువు" కొట్టేసి చదవండి, ఎండిపోయింది అమ్మమ్మ అవుతుంది!

లెక్క విషయానికొస్తే, కంప్యూటర్ ఖాళీల మధ్య ఉన్నదాన్ని ఒక పదంగా లెక్కిస్తుంది. అందుకని "చెరువుపూడికతీశారు" అని అతికించి లెక్క తగ్గించే తెలివి కొందరికి వస్తుంది. చదివేవాళ్ళకు అది మొదటి లైన్లోనే తెలిసిపోతుంది. "దీని వలన"ను "దీనివల్ల" చేయడం వేరు, అది మామూలుగా కలిపే రాస్తాం. అనుమానం వస్తే దినపత్రికలో ఆ మాట కలిపి అచ్చవుతుందా అని చూసుకోండి. అటూ ఇటూ ఖాళీ వదిలి గీత పెడితే మైక్రోసాఫ్ట్ వర్డ్ ఆ గీతను కూడా ఒక పదంగా లెక్కేస్తుంది కాబట్టి గీతల బదులు కామా వాడండి. గూగుల్ డాక్స్‌లో అయితే ఒక పేరాను సెలెక్ట్ చేసి Ctrl+Shift+C నొక్కితే ఆ పేరా లెక్క విడిగా కనిపిస్తుంది. పేరా పేరాకు ఎన్ని తగ్గాయో అలా చూసుకోవచ్చు. శీర్షిక లెక్కలోకి వస్తుందో రాదో నోటిఫికేషన్‌లో లేకపోతే, వస్తుందనే అనుకుని 290, 295 మధ్య ఆపేయండి. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా లెక్కేసినా అప్పుడు ఇబ్బంది ఉండదు.

పంపే ముందు మొదటి ప్రతి చదవని ఒకరికి, మీ ఇంట్లో తమ్ముడైనా సరే, కొత్త ప్రతి ఇచ్చి నాలుగు ప్రశ్నలు వేయండి. పథకం ఎప్పుడు మొదలైంది, మట్టి ఎవరు తోలుకున్నారు, ఎంత లాభం కలిగింది, ఆ మాట ఎవరన్నారు? ఏ జవాబు తేడాగా వస్తే ఆ వాక్యానికి పాత ప్రతిలోని పదం తిరిగి పెట్టండి. అందుకే 428 పదాల ఫైల్‌ను చెరిపేయకుండా వేరే పేరుతో దాచుకోండి, ఇంటర్వ్యూలో వ్యాసం మీద ప్రశ్నలడిగితే మీ దగ్గర మిగిలిన వివరాలన్నీ అందులోనే ఉంటాయి.