వీపు కింద చలి: చాప మీద ఉండే ఆర్-వాల్యూ ఏం చెబుతుంది?

డేరాలో మందపాటి రగ్గు కప్పుకున్నా వీపు చల్లబడిపోతోంది. గాలి కన్నా నేలే ఎక్కువ చలి ఎందుకు పుట్టిస్తుంది? చాప మీద రాసే ఆర్-వాల్యూ ఏమిటి?

నేల ఒంటి వేడిని నేరుగా లాగేస్తుంది. దాన్ని చాప ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకే ఆర్-వాల్యూ.

రగ్గును వెచ్చగా ఉంచేది దాని నూలు పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. పైన కప్పుకున్న భాగంలో ఆ గాలి అలాగే ఉంటుంది. వీపు కింద భాగం మాత్రం మన బరువుకి నలిగి గాలి పోగొట్టుకుంటుంది. ఇక తడి మట్టి నిశ్చలమైన గాలి కన్నా పదుల రెట్లు వేగంగా వేడిని లాక్కుంటుంది, తెల్లవార్లూ.

శ్రీకాకుళం వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కి డిసెంబరులో పడుకున్నారనుకుందాం. నేల 13 డిగ్రీలు, వీపు 33, ఆనే చోటు అర చదరపు మీటరు. ఆర్-వాల్యూ 2 ఉన్న ఫోమ్ చాప మీద సుమారు 28 వాట్ల వేడి పోతుంది. 0.7 ఉన్న మామూలు గాలిపరుపు మీద 80 దాకా. నిద్రలో ఒళ్లు పుట్టించే వేడి దాదాపు అంతే, కాబట్టి వణుకు తప్పదు.

చాలామంది పొరబడేది ఇక్కడే: గాలిపరుపు నాలుగంగుళాల మందం ఉంది కదా అనుకుంటారు. లోపలి గాలి స్వేచ్ఛగా తిరుగుతూ వేడిని కిందికి మోసేస్తుంది. దాని కింద ఆ ఫోమ్ చాప పరిస్తే అంకెలు కలిసి 2.7 అవుతాయి, నష్టం 21 వాట్లకు దిగుతుంది.