సరంగు లెక్కల పుస్తకం, ఒక మెయిల్

"మా అబ్బాయి బీటెక్ ఫైనలియర్. స్నేహితుడితో కలిసి బకింగ్‌హాం కాలువ మీద ఒక పజిల్ గేమ్ చేశాడు. గేములకు పెట్టుబడి పెట్టి అమ్మిపెట్టే ఒక చిన్న పబ్లిషర్‌కి మెయిల్ పెడతాను, ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోను అంటున్నాడు. ఉద్యోగం, గేమ్ రెండూ పోల్చి చెప్పండి. వాడు రాసిన మెయిల్, గేమ్ లింకు పంపుతున్నాను." – ఒక తండ్రి, కావలి

మెయిల్ చదివాను, గేమ్ ఆడాను. గేమ్ బాగుంది. మెయిల్ అలాగే పంపితే మాత్రం ఎవరూ చివరిదాకా చదవరు. మొదటి నాలుగు పేరాలూ చిన్నప్పటి నుంచి తనకు గేములంటే ఎంత ఇష్టమో రాశాడు. గేమ్ పేరు ఐదో పేరాలో వచ్చింది.

సబ్జెక్ట్ లైన్‌లోనే గేమ్ పేరు, కథా పజిల్ అని, పీసీకి అని, ఆడి చూసే డెమో ఉందని రాయాలి. మొదటి వాక్యం ఇలా ఉంటే చాలు: "తిరిగిరాని పడవ ఎక్కడ ఆగిందో, సరంగు లెక్కల పుస్తకంలోని తప్పుల్ని బట్టి కనిపెట్టాలి." ఆటగాడు చేసే పని, కథ, రెండూ అందులోనే ఉన్నాయి. దాని కింద పజిల్ విడిపోతున్నప్పటి చిన్న కదిలే బొమ్మ, ఆ తర్వాత డెమో లింకు.

ఆ లింకు నా దగ్గర పర్మిషన్ అడిగింది. పబ్లిషర్ పర్మిషన్ కోసం ఆగడు, తర్వాతి మెయిల్‌కి వెళ్తాడు. ఇంకో ఇబ్బంది పజిల్ గేములకే ఉంటుంది. రెండో పజిల్‌లో నేను ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాను. చదివేవాళ్లు అక్కడే ఆపేస్తే అసలు కథ వాళ్లకు కనపడదు. అందుకని జవాబులన్నీ ఒక పేజీలో రాసి డెమోతో పాటు పంపమనండి. నేరుగా మూడో పజిల్‌కి వెళ్లే మెనూ కూడా పెట్టాలి.

"గేమ్ పూర్తయింది" అని రాశాడు. పూర్తయింది ప్రోటోటైప్, అంటే ఐదు అధ్యాయాల్లో ఒకటి. మిగతా నాలుగింటికి ఎన్ని నెలలు, ఎంత డబ్బు కావాలో రాయలేదు. "మీరు ఎంతిచ్చినా సరే" అన్న మాట తీసేయమనండి. ఇద్దరికి నెలకు 30,000 చొప్పున పది నెలలకు 6 లక్షలు. సంగీతానికి, ఇంగ్లిష్ దిద్దించడానికి లక్షన్నర అనుకుందాం. ఆలస్యమైతే ఉంటుందని పది శాతం కలిపితే 8.25 లక్షలు. ఇలా లెక్క కట్టి అడిగితేనే పని తెలిసినవాడు అనుకుంటారు.

నా భయం కూడా చెప్తాను. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో అమ్మితే మామూలుగా 30 శాతం వాళ్లే ఉంచుకుంటారు. మిగిలిన దాంట్లోంచి, చాలా ఒప్పందాల ప్రకారం, పబ్లిషర్ ముందుగా తన పెట్టుబడి రాబట్టుకుంటాడు. ఆ తర్వాతే మీవాడి వాటా మొదలవుతుంది. గేమ్ ఓ మాదిరిగా అమ్ముడుపోతే ఆ రోజు రాకపోవచ్చు. గేమ్ హక్కులు ఎవరి పేరున ఉంటాయో చూడకుండా సంతకం పెట్టనివ్వకండి. అందుకే ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోమనే అంటాను. జవాబు రావడానికే వారాలు పడుతుంది, చాలామంది అసలు ఇవ్వరు. ఈ లోపు ఇంటర్వ్యూలకు వెళ్తే గేమ్‌కి వచ్చే నష్టమేమీ లేదు.

పోల్చి చెప్పమన్నారు గానీ, మీ టెన్షన్ బంధువులు ఏమంటారోనని. అది మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. ఏడాది పాటు మీ ఇంట్లోనే కూర్చుని చేసిన గేమ్‌ని మీరు ఒక్కసారైనా ఆడారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. ఇది తప్పు సార్. మీ అబ్బాయి చెడిపోలేదు, ఒక పని మొదలుపెట్టి చూపించే దాకా తెచ్చాడు. ఆదివారం వాడి పక్కన కూర్చుని ఆడండి. మీరు ఎక్కడ ఇరుక్కుంటారో వాడిని రాసుకోమనండి, సాయం మాత్రం చేయొద్దనండి. ఆ చోట్లు సరిచేశాకే మెయిల్ పంపాలి.