వాయిస్ నోట్ పంపే ముందు నువ్వు ఒకసారి విను

చిన్నా,

మీ అక్క ఫోన్‌లో నోరు జారింది. ఆఫీసులో ఒకమ్మాయికి రోజూ మెసేజ్‌లు పెడుతున్నావట, ఇక వాయిస్ నోట్స్ మొదలుపెడతానంటున్నావట. నా భుజం మీద నిద్రపోయినవాడివి అప్పుడే ఇంతవాడివయ్యావా అని మురిసిపోయాను. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

కలుసుకునే చోటు, టైమ్ లాంటివి టైప్ చెయ్యి. ఆటపట్టించే మాట మాత్రం గొంతుతో చెప్పు. ఈ తేడా తెలియక నేనేం చేశానో చెబుతాను.

2014లో నేను హైదరాబాద్‌లో, మీ అత్త విజయవాడలో. అప్పటికి మా పెళ్ళి మాటే లేదు. ఒక శుక్రవారం "ఆదివారం రానా?" అని వాట్సాప్‌లో అడిగింది. సిటీ బస్సులో నిలబడి, ఒంటిచేత్తో "నీ ఇష్టం" అని కొట్టాను. నా మనసులో అది నవ్వుతూ సాగదీసిన మాట. రాకపోతే ఊరుకుంటానా అన్నట్టు. తనకు చేరింది మాత్రం ఆ రెండు మాటలే. ఆదివారం రాలేదు. నేనూ పంతానికి పోయి అడగలేదు. నాలుగు రోజులకు ఫోన్ చేస్తే, నా మెసేజ్ నాకే చదివి వినిపించింది, తను ఏ గొంతుతో చదువుకుందో ఆ గొంతుతో. నేనే విసుక్కుని విదిలించినట్టుంది.

"పో", "సరేలే", "నీ ఇష్టం" లాంటి మాటలకు మన తెలుగులో అర్థమంతా పలకడంలోనే ఉంటుంది. టైప్ చేస్తే ఆ గొంతును చదివేవాళ్ళు పెట్టుకుంటారు. తను ఆ రోజు అలసిపోయి ఉంటే, నీ మాట కూడా అలసటగానే వినబడుతుంది.

అలాగని గొంతును పూర్తిగా నమ్మకు. అది నువ్వు దాచిందీ చెప్పేస్తుంది. రాత్రి పదకొండింటికి పడుకుని మాట్లాడితే గొంతు బరువెక్కుతుంది. "తిన్నావా?" అన్న చిన్న మాట కూడా నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువ చనువుగా వినిపిస్తుంది. అంత దగ్గరతనం ఆ అమ్మాయి ఇంకా ఇవ్వలేదు. లేచి కూర్చుని మాట్లాడరా. ఇరవై సెకన్లు చాలు. మైక్ గుర్తును పైకి జరిపి లాక్ చేస్తే, పంపే ముందు ఆపి వినొచ్చు. ఒకసారి మార్చు, అంతే. నాలుగోసారికి అది పాఠం అప్పజెప్పినట్టు వస్తుంది. ముందు "తొందరేం లేదు, వీలున్నప్పుడు విను" అని ఒక లైన్ టైప్ చెయ్యి. పక్కన ఎవరున్నారో నీకు తెలియదు కదా, స్పీకర్‌లో మోగితే ఆ పిల్ల తల ఎక్కడ పెట్టుకోవాలి?

మైక్ నీలంగా మారితే విన్నట్టు. విని కూడా ఒక్క మాటలో టైప్ చేసి ఊరుకుంటే, మళ్ళీ వాయిస్ పంపకు. తను గొంతు కలిపినప్పుడే నువ్వూ కలుపు.

ఇది చదివాక నాకు ఫోన్ చెయ్యి. "సరే మామయ్యా" అని టైప్ చేసి ఊరుకోకు. కోపం వచ్చిందేమోనని రాత్రంతా ఆలోచిస్తూ కూర్చుంటాను.

మీ మామయ్య