నాలుగు స్క్రీన్లంటే నాలుగు ఇళ్లా?

ప్రశ్న: గుంటూరు లక్ష్మీపురంలో మా సొంత ఇంట్లో కింది వాటాలో అమ్మానాన్నలు, పై వాటాలో మేము ఉంటున్నాం. కిందా పైనా వేరువేరు ఫైబర్ కనెక్షన్లు. 2025 జూన్ 10న 1,800 రూపాయలు కట్టి ఒక ఓటీటీలో నాలుగు స్క్రీన్ల వార్షిక ప్లాన్ తీసుకున్నాను. విజయవాడ పటమటలో ఉన్న చెల్లెలు కూడా అదే ఖాతాలో చూసేది. అక్టోబరులో వాళ్ల నుంచి ఏదో మెయిల్ వస్తే చదవకుండా తీసేశాను. 2026 జనవరి 10 నుంచి మా పై వాటా టీవీలోనూ, చెల్లెలి టీవీలోనూ 'ఈ టీవీ మీ ఇంటికి చెందినది కాదు' అని వచ్చి ఆగిపోతోంది. హైదరాబాద్ నుంచి లాగిన్ అయినట్టు కూడా చూపిస్తోంది, మేమెవరమూ అక్కడికి వెళ్లలేదు. మాది ఉమ్మడి కుటుంబం. గుండె ఆపరేషన్ అయిన నాన్నగారికి కాలక్షేపం ఇదే. ఖాతా హ్యాక్ అయిందని సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇస్తే డబ్బు తిరిగొస్తుందని ఒక మిత్రుడు చెబుతున్నాడు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ నాన్నగారు చూసే కింది వాటా టీవీ ఆగినట్టు మీరు రాయలేదు కనుక ఆ విషయం పక్కన పెడదాం. ఉమ్మడి కుటుంబమన్న మాట వారసత్వపు దావాల్లో పనికొస్తుంది గానీ ఇక్కడ పనికిరాదు. మీ కేసును తేల్చేది ఒక్కటే: మీరు డబ్బు కట్టిన 2025 జూన్ 10 నాటికి ఆ సంస్థ నిబంధనల్లో 'ఒకే ఇంటి వారికి మాత్రమే' అన్న షరతు ఉందా, లేక అక్టోబరు మెయిల్‌తో నడుమ వచ్చి చేరిందా?

నాలుగు స్క్రీన్లకు డబ్బు కట్టాను కనుక నలుగురు ఎక్కడైనా చూడవచ్చని చాలామంది అనుకుంటారు. స్క్రీన్ల సంఖ్య ఒకే సమయంలో ఎన్ని చోట్ల ఆడుతుందో చెప్పే పరిమితి మాత్రమే. ఎన్ని పరికరాల్లో వాడవచ్చన్నది వేరే పరిమితి. ఉదాహరణకు అమెజాన్ ప్రైమ్ 2025 జనవరి నుంచి మన దేశంలో ఒక సభ్యత్వానికి అయిదు పరికరాలు, వాటిలో టీవీలు రెండే అని నియమం పెట్టింది. 'ఇల్లు' అన్నది ఈ రెండింటికీ సంబంధం లేని మూడో షరతు. నెట్‌ఫ్లిక్స్ దీన్ని 2023 జూలైలో మన దేశంలో అమలు చేయడం మొదలుపెట్టింది. దాని నియమం ప్రకారం ఖాతాదారు ప్రధానంగా నివసించే చోట టీవీ ఏ ఇంటర్నెట్ కనెక్షన్‌పై నడుస్తుందో, అదే కనెక్షన్ వాడే పరికరాలన్నీ ఒక ఇంటివి. ఐపీ చిరునామా, పరికరం గుర్తింపు సంఖ్య, ఖాతా వాడకం తీరు చూసి దీన్ని నిర్ణయిస్తారు. మీ సంస్థ పేరు మీరు రాయలేదు గానీ, మీ టీవీలో వచ్చిన వాక్యాన్ని బట్టి చూస్తే పద్ధతి ఇంచుమించు ఇదే.

అందువల్ల మీ రెండు టీవీలనూ ఒకే గాటన కట్టకూడదు. పై వాటా టీవీ అదే కప్పు కింద ఉన్నా వేరే ఫైబర్ కనెక్షన్‌పై నడుస్తోంది కాబట్టి యంత్రం దాన్ని పరాయి ఇల్లుగా లెక్కించింది. ఈ భాగంలో మీ వాదనకు బలముంది. చెల్లెలిది నిజంగానే వేరే ఇల్లు. షరతు మీరు డబ్బు కట్టేనాటికే ఉంటే ఆమె టీవీ గురించి ఏ వినియోగదారుల కమిషన్ ముందూ మీరు నిలబడలేరు. ఫిర్యాదులో రెండింటినీ కలిపి రాస్తే బలహీనమైనది బలమైనదాన్ని కూడా ముంచుతుంది.

ఇక హైదరాబాద్ సంగతి. ఐపీ చిరునామాను బట్టి ఊరు పేరు చూపే పద్ధతి అంత కచ్చితమైనది కాదు. ఇంటర్నెట్ సంస్థ తన చిరునామాలను ఏ నగరం పేరిట నమోదు చేయిస్తే ఆ నగరమే కనిపిస్తుంది, గుంటూరులోని కనెక్షన్ హైదరాబాద్‌గా కనిపించడం మామూలే. ఖాతాలో పరికరాల జాబితా తెరిచి, ఆ లాగిన్ పక్కన ఉన్న పరికరం పేరు, సమయం చూడండి. మీ టీవీ మోడలే ఉండి, మీరు చూసిన సమయమే ఉంటే అది మీరే. మీకు తెలియని పరికరం ఉంటే మాత్రం పాస్‌వర్డ్ మార్చి అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి.

సాక్ష్యం విషయంలో మీ అశ్రద్ధను తప్పు పట్టక తప్పదు. ఏడాదికి ముందే డబ్బు కట్టిన ఒప్పందం గురించి అవతలి పక్షం రాసిన మెయిల్‌ను చదవకుండా తీసేయడం ఏం పని? జీమెయిల్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది కనుక అది పోయినట్టే. అయినా తీసేశాననుకుని ఆర్కైవ్ చేశారేమో, 'ఆల్ మెయిల్'లో ఒకసారి వెతకండి. జూన్ 10 నాటి చెల్లింపు రశీదు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టండి. నిబంధనల పేజీలో సాధారణంగా చివరిసారి సవరించిన తేదీ ఉంటుంది, అది 2025 జూన్ 10 తర్వాతిదైతే మీకు మొదటి ఆధారం దొరికినట్టే. web.archive.org లో ఆ పేజీ పాత ప్రతి భద్రమై ఉంటే జూన్ నాటి పాఠం కూడా చేతికి వస్తుంది. హెచ్చరిక కనిపిస్తున్న టీవీ తెర ఫొటో, పై కింది వాటాలు ఒకే ఇంటి నంబరుపై ఉన్నట్టు చూపే రెండు ఫైబర్ బిల్లులు జత చేయండి. స్క్రీన్‌షాట్ల వంటి ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. అది లేకుండా దాఖలు చేస్తే అవతలి న్యాయవాది మొదటి అభ్యంతరం అక్కడే లేవనెత్తుతారు. అక్టోబరు తర్వాత కొత్త నిబంధనలకు 'అంగీకరిస్తున్నాను' అని ఎక్కడైనా నొక్కారా? గుర్తు చేసుకోండి, ఎందుకంటే ఐటీ చట్టం సెక్షన్ 10ఏ ప్రకారం అలా కుదిరిన ఒప్పందం కూడా చెల్లుతుంది.

మీ మిత్రుడి సలహా మాత్రం పాటించవద్దు. చెల్లెలికి పాస్‌వర్డ్ ఇచ్చింది మీరే, ఆమె వాడుతున్నదని మీకు తెలుసు. అయినా హ్యాక్ అయిందని పోలీసులకు రాస్తే అది తప్పుడు సమాచారం అవుతుంది. అలాంటి సమాచారంతో అధికారిని మరొకరికి హాని కలిగే పనికి పురికొల్పినవారికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద ఏడాది వరకు జైలు గానీ, పది వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 750 రూపాయల కోసం ఆ పని చేస్తారా?

750 ఎలాగంటే, 1,800 రూపాయల ప్లాన్‌లో నెలకు 150 పడుతుంది. జూన్ 10 నుంచి జనవరి 10 వరకు ఏడు నెలలు వాడుకున్నారు, అయిదు నెలలు మిగిలాయి. షరతు నడుమ వచ్చి చేరినదైతే ఆ మిగిలిన మొత్తాన్ని సేవాలోపం కింద అడగవచ్చు. దానితో పాటు కొంత పరిహారం, ఖర్చులు కోరవచ్చు గానీ లక్షల ఆశ పెట్టుకోకండి. 'అన్యాయమైన ఒప్పందం' అని మాత్రం రాయకండి. ఆ ఫిర్యాదు వినే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రాష్ట్ర కమిషన్‌తో మొదలవుతుంది, గుంటూరు జిల్లా కమిషన్‌కు లేదు. నిబంధనల్లో వేరే నగరపు కోర్టుల పేరు ఉన్నా భయపడనక్కర్లేదు, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసే హక్కు అదే చట్టం సెక్షన్ 34 ఇస్తోంది. కాలపరిమితి సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు, జనవరి 10న టీవీ ఆగింది కనుక 2028 జనవరి 10 రాకముందే దాఖలు చేయాలి.

అంతకంటే ముందు పై వాటా టీవీని కింది వాటా వైఫైకి కలిపి చూడండి. సంకేతం అందకపోతే ఒక ఎక్స్‌టెండర్ పెట్టుకోవచ్చు. దాంతో టీవీ ఆడితే మీ ఇంటి సమస్య ఆ పూటే తీరుతుంది, చెల్లెలు తన పేరిట వేరే ఖాతా తీసుకోవాలి. ఆడకపోతే సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు పై వాటా గురించి మాత్రమే, రెండు బిల్లులూ జతచేసి ఈమెయిల్ పంపండి. ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఆయన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ కదలకపోతే e-jagriti.gov.in లో జిల్లా కమిషన్‌కు దాఖలు చేయండి, అయిదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. ఈసారి వచ్చే జవాబు మెయిల్‌ను మాత్రం తీసేయకండి.